స్క్రీన్‌షాట్‌లోని లక్ష రూపాయల్లో మిగిలేదెంత?

ప్రశ్న: పలాసలో మాది చిన్న జీడిపప్పు దుకాణం. బీకాం పూర్తి చేసిన మా అబ్బాయి డ్రాప్‌షిప్పింగ్ కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు 60 వేలు. నేర్పే ఆయన ఖరీదైన కారు, రోజుకు లక్ష వచ్చినట్టు స్క్రీన్‌షాట్లు చూపిస్తున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టవద్దనే చెబుతాను. డ్రాప్‌షిప్పింగ్ నిజంగా ఉన్న వ్యాపారమే. సరుకు మన దగ్గర నిల్వ ఉంచుకోకుండా, ఆర్డర్ వచ్చాక సరఫరాదారు చేతనే కొన్నవారికి నేరుగా పంపించే పద్ధతి అది. నా అభ్యంతరం ఆ స్క్రీన్‌షాట్ మీదే. అందులో సాధారణంగా Total sales అని ఉంటుంది. అమ్మకానికీ మిగులుకూ ఉన్న తేడా దుకాణం నడిపే మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఉదాహరణకు 999 రూపాయల వస్తువుకు 100 ఆర్డర్లు వచ్చాయనుకోండి. తెర మీద 99,900 కనిపిస్తుంది. ఒక్కో ఆర్డర్ రాబట్టడానికి ప్రకటనలకు 250 చొప్పున 25,000 ముందే ఖర్చవుతుంది. వస్తువు అందాక డబ్బిచ్చే పద్ధతిలో 30 పార్సిళ్లు తీసుకోకుండా తిప్పి పంపారంటే, చేతికొచ్చేది 70 పార్సిళ్ల సొమ్ము 69,930 మాత్రమే. అందులోంచి ప్రకటనల 25,000తో పాటు అమ్ముడైన 70కి సరుకు ధర 400 చొప్పున 28,000, మొత్తం 100 పార్సిళ్లు పంపడానికి 80 చొప్పున 8,000, 30 తిరిగి రావడానికి మరో 2,400 తీసేస్తే మిగిలేది 6,530. జీఎస్టీ ఇంకా ఇందులో లెక్కించలేదు; పక్క రాష్ట్రానికి సరుకు అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ నమోదు సాధారణంగా తప్పనిసరి. తిరిగొచ్చే పార్సిళ్లు 40కి పెరిగితే ఈ మిగులు పోయి, 260 రూపాయల నష్టమే వస్తుంది. పైగా బ్రౌజర్‌లో తెరిచిన పేజీలోని ఏ అంకెనైనా నిమిషంలో మార్చి ఫొటో తీయవచ్చు.

అందుచేత మీ అబ్బాయి చేత ఆయనను మూడు అడిగించండి: దుకాణం వెబ్‌సైట్ పేరు, అవే తేదీల్లో ప్రకటనలకు అయిన ఖర్చు, ఆ అమ్మకాల సొమ్ము జమయిన బ్యాంకు స్టేట్‌మెంట్. జమ ఎవరి నుంచి వచ్చిందో తప్పక చూడాలి, ఎందుకంటే అది విద్యార్థులు కట్టిన ఫీజు కూడా కావచ్చు. 20 మంది 60 వేల చొప్పున కడితే 12 లక్షలు, ఒక్క వస్తువూ అమ్మకుండానే. ఈ మూడూ చూపించకుండా, ఈ రాత్రికే కడితే తగ్గింపు అని తొందరపెడితే అక్కడితో ఆగండి. బాగుందని చెప్పే పాత విద్యార్థులకు, కొత్తవారిని చేర్పిస్తే కమిషన్ ఉందేమో కూడా అడగండి.

అబ్బాయి ఉత్సాహాన్ని మాత్రం కాదనకండి. ఆహార వ్యాపార అనుమతి ఉన్న మీ దుకాణం జీడిపప్పునే పావుకిలో ప్యాకెట్లుగా పెట్టి, ప్రకటనలకు 5,000 మించకుండా ఒక నెల అమ్మి చూడమనండి. ఆర్డరుకు ప్రకటన ఖర్చెంత పడిందో, ఎన్ని పార్సిళ్లు వెనక్కి వచ్చాయో రోజూ మీ చిట్టాలోనే అతని చేత రాయించండి.