చెరువుల మీద ఐదు నిమిషాలు: వక్తృత్వ పోటీకి వెళ్ళే సింధుకి

చిరంజీవి సింధుకి,

పెదనాన్న ఆశీస్సులు.

జిల్లా స్థాయి వక్తృత్వ పోటీకి నీ పేరు ఇచ్చారనీ, అంశం ‘మన చెరువులు – మన బాధ్యత’ అనీ, సమయం ఐదు నిమిషాలనీ మీ నాన్న చెప్పాడు. నువ్వు రాసిన మొదటి ప్రతి కూడా పంపాడు. చదివాను. మూడున్నర పేజీల్లో తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ అందులో నీకు మాత్రమే తెలిసిన సంగతి కూడా ఒక్కటీ లేదు. ఆ రోజు అదే అంశం మీద పాతికమంది మాట్లాడతారు. అందరూ ‘నీరు ప్రాణాధారం’ అంటూనే మొదలుపెడతారు. ఐదో పిల్ల లేచేసరికి న్యాయనిర్ణేతలు కాగితంలోకి తలవంచుకుని ఉంటారు. ఆ తల పైకెత్తించడం ఎలాగో ముందు చూద్దాం.

ముందు కొలత సంగతి తేల్చుకో. వేదిక మీద, మైకులో, అర్థమయ్యేలా మాట్లాడితే తెలుగులో నిమిషానికి 80 నుంచి 90 మాటలు పడతాయి. మన మాటలు పొడవు, విభక్తులన్నీ అంటుకుని వస్తాయి కదా. ఐదు నిమిషాలిచ్చారని ఐదు నిమిషాలకూ రాయకు. నాలుగున్నర నిమిషాలకు, అంటే 380 మాటలకు దగ్గరగా రాయి. మిగిలిన అర నిమిషం నువ్వు ఆగే చోట్లకూ, చప్పట్లకూ, ఒకచోట తడబడితే సర్దుకోవడానికీ. నీ వేగం నీకు తెలియాలంటే ఏదైనా పాఠం ఒక నిమిషం గట్టిగా చదివి మాటలు లెక్కపెట్టు. 110 వచ్చాయంటే పరిగెడుతున్నావన్నమాట. అప్పుడు రాతను పెంచకు, నడక తగ్గించు.

ఆ నాలుగున్నర నిమిషాల్లో ప్రారంభానికి 40 సెకన్లు, మొదటి విషయానికి నిమిషం, రెండోదానికి నిమిషంపావు, మూడోదానికి నిమిషం, ముగింపుకి 35 సెకన్లు. రెండోదానికి ఎందుకు ఎక్కువో కిందికొచ్చాక చెబుతాను.

నీ ప్రతిలో మొదటి ఏడు వరుసలు ‘వేదికనలంకరించిన పెద్దలకు, గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి’ అంటూ వందనాలకే పోయాయి. గడియారం పెట్టి చదివితే అది 35 సెకన్లు. వినేవాళ్ళు నిన్ను అంచనా వేసుకునే సమయమంతా అందులోనే కరిగిపోతుంది. వందనం మానమనను, అది మన మర్యాద. దాన్ని ఒక్క వాక్యం చేసి, ప్రారంభం తరవాత పెట్టు. మొదట వందనం తప్పనిసరి అని నిర్వాహకులు చెబితే ‘సభకు నమస్కారం’ అని, ఒక గుక్క ఆగి, అసలు మాటలోకి వెళ్ళు.

ప్రారంభానికి నేనైతే ఇది ఎంచుకుంటాను. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారు. నీ నోట ఇలా రావాలి:

‘హైదరాబాదులో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. పందొమ్మిది వందల ఎనిమిది, సెప్టెంబరు ఇరవై ఎనిమిది. మూసీ పొంగింది. ఆ చెట్టెక్కిన నూటయాభై మంది దాకా బతికారు. చెట్టు అందని వాళ్ళు వేలమంది పోయారు. మళ్ళీ అలాంటి వరద వస్తే మనం ఏ చెట్టెక్కాలి? సభకు నమస్కారం. నా పేరు సింధు. నేను చెట్టు గురించి మాట్లాడటానికి రాలేదు. చెరువు గురించి మాట్లాడటానికి వచ్చాను.’

ఇందులో చూడు, వాక్యాలన్నీ పొట్టివి. తేదీ ఉంది, చోటుంది, కళ్ళకు కట్టే వస్తువు ఒకటుంది. ‘మీకు తెలుసా?’ అన్న మాట లేదు. ఆ మాటతో మొదలుపెట్టే పిల్లలు సభలో చాలామందే ఉంటారు, నువ్వు వదిలెయ్. ‘వేలమంది పోయారు’ దగ్గర లోపల రెండు అంకెలు లెక్కపెట్టుకుని ఆగు. ఆగడానికి భయం వేస్తుంది, మరిచిపోయావని అనుకుంటారేమోనని. ఎవరూ అనుకోరు. అంకెలు మాత్రం కాగితం మీద కూడా అక్షరాల్లోనే రాసుకో. లేకపోతే వేదిక మీద ‘నైన్‌టీన్ నాట్ ఎయిట్’ అని నోరు జారుతుంది.

ఇక మూడు విషయాలు. నువ్వు రాసినవి ‘చెరువుల చరిత్ర, చెరువుల ఉపయోగాలు, మన బాధ్యత’. ఇవి విషయాలు కావు, పాఠ్యపుస్తకంలో శీర్షికలు. విషయం అంటే క్రియ ఉన్న వాక్యం. ‘చరిత్ర’ అంటే ఎవరూ అవుననీ కాదనీ అనలేరు. ‘చెరువు వరదను ఆపుతుంది’ అంటే నిజమా అని తల ఎత్తుతారు. కాబట్టి మూడు క్రియలు పట్టుకో: చెరువు ఆపుతుంది, ఇంకిస్తుంది, పండిస్తుంది. వందనం అవ్వగానే ఈ మూడూ ఒక్క వాక్యంలో చెప్పెయ్. ఆ తరవాత ఒక్కొక్కటీ మొదలయ్యేటప్పుడు ఆ క్రియనే మళ్ళీ పలుకు. వినేవాళ్ళ చేతిలో కాగితం ఉండదు, ఎక్కడిదాకా వచ్చావో వాళ్ళకు ఆ క్రియలే చెప్పాలి.

‘ఆపుతుంది’ అన్నచోట ఒక మెలిక ఉంది, జాగ్రత్త. 1908లో ఎగువన ఉన్న చెరువుల కట్టలు చాలా తెగాయి, ఆ నీళ్ళు కూడా వరదలో కలిశాయి. ఈ సంగతి తెలిసిన న్యాయనిర్ణేత ఎదురుగా ఉంటే, చెరువు ఎప్పుడూ కాపాడుతుందని నువ్వు చెప్పే మాట తేలిపోతుంది. అందుకని నువ్వే ముందు చెప్పెయ్: ‘ఆ రోజు చెరువులు కూడా తెగాయి. అయినా ఆ తరవాత చూపిన పరిష్కారం ఏమిటి? మళ్ళీ జలాశయాలే!’ 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. నది మీద, ఎగువన నీళ్ళు నిలిపే జలాశయాలు కట్టమన్నాడాయన. మనం గండిపేట అనే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్ట గట్టిగా, అలుగు తెరిపిగా ఉన్న చెరువు ఆపుతుంది, పట్టించుకోని చెరువు ముంచుతుంది. ‘మన బాధ్యత’ అన్న సగం అంశం ఇక్కడే వచ్చేసింది, దానికి వేరే పేరా అక్కర్లేదు. విశ్వేశ్వరయ్య బిరుదులూ పుట్టిన ఊరూ చెప్పబోకు, పదిహేను సెకన్లు దండగ.

రెండోది ‘ఇంకిస్తుంది’. దీనికి నిమిషంపావు ఎందుకంటే ఇది పుస్తకంలో దొరకదు, నువ్వే తెచ్చుకోవాలి. ఆదివారం మీ అమ్మమ్మగారి ఊరెళ్ళు. చెరువు కింద పొలమున్న రైతును ఒకరిని, చెరువుకు దూరంగా ఉన్న రైతును ఒకరిని అడుగు: బోరు ఎన్ని అడుగులు వేశారు, వేసవిలో ఎన్ని గంటలు పోస్తుంది, చెరువు నిండిన ఏడు తేడా కనిపించిందా? వచ్చిన రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చెప్పు. తేడా నువ్వనుకున్నంత లేకపోతే లేనట్టే చెప్పు, పెంచకు. బోరు లోతు కింది రాతిపొరను బట్టి కూడా మారుతుంది. ఎక్కడిదో దేశం మొత్తం లెక్క ఒకటి చదవడం కంటే, ‘మా ఊళ్ళో కట్ట కింద రైతు ఇలా చెప్పాడు’ అన్న వాక్యం ఎక్కువ నిలుస్తుంది. ఎందుకంటే అది నువ్వు వెళ్ళి తెచ్చావని గొంతులోనే తెలుస్తుంది. రైతు పేరు చెప్పనక్కర్లేదు.

మూడోది ‘పండిస్తుంది’. తూము ద్వారా పారే నీళ్ళు సరే, అది అందరూ చెబుతారు. నువ్వు పూడికమట్టి పట్టుకో. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల్లో తీసిన మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. ఒక్క పనితో చెరువు లోతు పెరిగింది, చేనుకు సత్తువ వచ్చింది. ఈ భాగాన్ని త్వరగా నడిపించు. అప్పటికి దాదాపు మూడు నిమిషాలు అయిపోతాయి, వినేవాళ్ళు అలిసి ఉంటారు.

ముగింపును అన్నిటికంటే ముందు రాసుకో, ఎక్కడికి చేరాలో తెలిస్తే దారిలో చెత్త చేరదు. ‘కావున మనమందరం’ అని ఎత్తుకుంటే సభ సంచులు సర్దుకుంటుంది. గొప్పవాళ్ళ సూక్తితో ముగించాలన్న కోరిక కూడా వద్దు. ఇంటర్నెట్టులో గాంధీగారి పేరు మీద, కలాంగారి పేరు మీద తిరిగే వాటిలో వాళ్ళు అననివి చాలా ఉన్నాయి. నీ ప్రారంభంలోనే నీ ముగింపు ఉంది:

‘ఆ రోజు నూటయాభై మందికి ఒక చెట్టు దొరికింది. రేపు వరదొస్తే ఈ మహానగరం మొత్తం ఎక్కడానికి చెట్లు లేవు. చెరువులున్నాయి. ఉన్నవాటిని ఉండనిద్దాం.’

చివరి వాక్యానికి గొంతు పెంచకు, తగ్గించు. రెండు సెకన్లు ఆగి, ‘ధన్యవాదాలు’ అని దిగిపో.

కంఠస్థం విషయం. మొదటినుంచి చివరిదాకా ఒకే ఒరవడిలో వల్లించకు. అలా నేర్చినవాళ్ళు మధ్యలో ఒక మాట మరిచిపోతే మళ్ళీ మొదటికి వెళితే తప్ప అందుకోలేరు. వేదిక మీద పిల్లలు బిగుసుకుపోయేది ఎక్కువగా అందుకే. ఐదు ముక్కలనూ ఐదు కార్డుల మీద రాసి కలిపెయ్. ఏ కార్డు చేతికొస్తే అక్కడినుంచి చెప్పు. ప్రారంభం, ముగింపు మాత్రం అక్షరం పొల్లుపోకుండా రావాలి. మధ్యవి నీ మాటల్లో కాస్త అటూఇటూ అయినా పరవాలేదు.

చాలా చోట్ల నాలుగో నిమిషానికి ఒక గంట, ఐదుకు రెండు గంటలు కొడతారు. నీ పోటీలో ఎలాగో కనుక్కో. మొదటి గంటకు నువ్వు ఇంకా రెండో విషయంలోనే ఉంటే, ‘పండిస్తుంది’ని ఒక్క వాక్యంలో చెప్పి ముగింపుకు దూకెయ్. ఆ వాక్యం ఇప్పుడే రాసిపెట్టుకో, అక్కడ పుట్టదు. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలి. నీ ముందు మాట్లాడిన పిల్లాడు పొడుగైతే, స్టాండు దించమని అడగడానికి మొహమాటపడకు. మునివేళ్ళ మీద నిలబడితే ఊపిరి అందదు.

ఒకసారి ఫోన్‌లో రికార్డు చేసుకో, నిలబడి, చెప్పులు విప్పి. వినేటప్పుడు కాగితం చూడకు. ఏ వాక్యం దగ్గర గుక్క తిప్పుకోవాల్సి వచ్చిందో దాన్ని రెండు చెయ్. ‘చేయవలెను, కాపాడవలసియున్నది’ లాంటివి నీ ప్రతిలో తొమ్మిదో పదో ఉన్నాయి, అన్నిటినీ నువ్వు ఇంట్లో మాట్లాడే తెలుగులోకి తెచ్చెయ్.

రైతుల దగ్గర అంకెలు రాగానే రెండో ముక్క రాసి నాకు పంపు. మిగతావాటికి తొందర లేదు.

మీ పెదనాన్న