షట్టర్ మీద రాయించిన నంబర్, అమెరికాలో దాచుకోవాల్సిన నంబర్

ఈసారి దసరాకు హన్మకొండ వచ్చాను. సద్దుల బతుకమ్మ అయిన మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకు పక్కింటి అన్న ఫోన్ పట్టుకుని నేరుగా మా వంటింటి దాకా వచ్చేశాడు. వీడియోలో ఆయన బిడ్డ. డాలస్ దగ్గర డెంటన్‌లో ఎమ్మెస్ చేస్తోంది, అక్కడ పొద్దున పది. ముఖం చూస్తేనే అర్థమైంది ఏదో జరిగిందని.

"కాకా, టేబుల్ అమ్ముదామని పెట్టిన, ఒకడు కోడ్ అడిగిండు, ఇచ్చిన" అంది ఒక్క ముక్కలో.

ఇది ఈ పిల్ల ఒక్కదాని కథ కాదు. కొత్తగా వెళ్లినవాళ్లు అపార్ట్‌మెంట్ మారేటప్పుడు స్టడీ టేబుల్, కుర్చీ, పరుపు అమ్మకానికి పెట్టగానే ఎదురయ్యేది సరిగ్గా ఇదే, అందుకే ఆ రాత్రి ఆమెకు చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

టేబుల్, కుర్చీ కలిపి 60 డాలర్లు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టింది, కింద తన సొంత నంబర్ కూడా రాసింది. పావుగంటలో ఒకడు, ఇంకా ఉందా అని అడిగాడు. ఉందంటే, "ఇంతకుముందు మోసపోయాను, మీరు నిజమైన మనిషేనా అని చూసుకోవాలి, మీ ఫోన్‌కు ఆరంకెల కోడ్ పంపుతాను, అది చెప్తే వెంటనే వచ్చి తీసుకుపోతా" అన్నాడు. కోడ్ వచ్చింది. అందులో గూగుల్ వాయిస్ అని ఉంది, ఎవరికీ చెప్పొద్దని కూడా ఉంది. ఆ రెండో వాక్యం చదవకుండా ఈమె అంకెలు పంపేసింది. ఆ తర్వాత వాడు మాయం.

వాడు చేసిందేమిటంటే, గూగుల్ వాయిస్‌లో ఉచితంగా ఒక అమెరికా నంబర్ తీసుకోవాలంటే దానికి ఒక నిజమైన అమెరికా ఫోన్ నంబర్ జతచేయాలి, ఆ ఫోన్‌కు వచ్చే కోడ్ కొట్టాలి. వాడు తన ఖాతాలో ఈ పిల్ల నంబర్ కొట్టాడు, కోడ్ ఈమె దగ్గర తీసుకున్నాడు. ఇప్పుడు వాడి చేతిలో ఒక అమెరికా నంబర్ ఉంది, దాని వెనక ఉన్నది ఈమె ఫోన్. ఆ నంబర్‌తో ఇంకొకరిని మోసం చేస్తే ఆరా ముందుగా వచ్చేది ఈమె వైపు. బ్యాంకులో డబ్బు మాత్రం పోదు, ఆ ఒక్క కోడ్‌తో బ్యాంకు తెరుచుకోదు. అది చెప్పాకే అన్న కుర్చీలో కూర్చున్నాడు.

విచిత్రం ఏమిటంటే ఈ పిల్లకు గూగుల్ వాయిస్ ఖాతా ముందే ఉంది. కాలేజీలో చేరిన వారంలోనే సీనియర్లు తీయించారట. మరి అమ్మకానికి ఆ నంబర్ ఎందుకు పెట్టలేదు అంటే, "అది నాకు గుర్తుండదు కాకా" అంది!

ల్యాప్‌టాప్ తెరవమన్నాను. voice.google.com లో Settings, అందులో Linked numbers. ఆమె నంబర్ అక్కడ ఉండాలి, లేదు. తన నంబర్‌ను ఇంకొకడు ఎత్తుకుపోయాడని తెలిసేది అక్కడే. New linked number నొక్కి తన నంబర్ మళ్లీ కొట్టింది, ఈసారి వచ్చిన కోడ్ తనే ఎక్కించింది. ఈ నంబర్ వేరే ఖాతాలో ఉంది, వెనక్కి తీసుకుంటారా అని గూగుల్ అడిగితే, Claim నొక్కింది. ఐదు నిమిషాల పని. దీనికి ఆమె ఫోన్ ఆమె చేతిలో ఉంటే చాలు, వాడి అనుమతి అవసరం లేదు.

అంతా అయ్యాక అన్న అడిగాడు. ఆయనకు చౌరస్తా దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. "నా నంబర్ షట్టర్ మీద ఇంతింత అక్షరాలతో రాపిచ్చిన. ఇరవై ఏండ్ల సంది ఉన్నది. నాకేం కాలే. దీనికెందుకు దాచుడు?"

మంచి ప్రశ్నే. మన దగ్గర నంబర్ దొరికితే ఎక్కువగా లోన్ కావాలా అని ఫోన్లు వస్తాయి. అక్కడ మాత్రం జనాల వివరాలు అమ్ముకునే వెబ్‌సైట్లు ఉన్నాయి, నంబర్ కొడితే పేరు, ఇప్పటి ఇల్లు, అంతకుముందు ఉన్న ఇళ్లు, బంధువుల పేర్లు దాకా చూపించేవి. పైగా మీ బ్యాంకు ఓటీపీలు వచ్చేది, యూనివర్సిటీ దగ్గర ఉన్నది అదే నంబర్. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని బెదిరించేవాడికి మీ పేరు, మీ అపార్ట్‌మెంట్ ముందే తెలిస్తే ఆ బెదిరింపు ఎంత నిజంగా వినిపిస్తుందో ఆలోచించండి. ఒక్క టేబుల్ కోసం వందమంది అపరిచితులు చూసే చోట ఆ నంబర్ పెట్టడం ఎందుకు?

అయితే రెండో నంబర్ తీసుకున్నంత మాత్రాన పని అయిపోదు. అసలు నంబర్ ఎక్కడెక్కడ బయటికి కారిపోతుందో చూసుకోవాలి.

మొదటిది కాల్స్. గూగుల్ వాయిస్‌కు వచ్చిన కాల్‌ను మీ అసలు నంబర్‌కు మళ్లించే సదుపాయం ఉంది. సౌకర్యంగానే ఉంటుంది, కానీ కొనేవాడు చేసిన కాల్ మీ మామూలు ఫోన్ లిస్టులో మిస్డ్ కాల్‌గా పడుతుంది. మీరు అలవాటుగా దాన్ని నొక్కి తిరిగి చేస్తారు, అది సిమ్ నంబర్ నుంచి వెళ్తుంది. అంతే, దాచింది బయటపడింది. ఇంకోటి, మీరు ఎత్తకపోతే ఒక్కోసారి మీ సిమ్ వాయిస్‌మెయిల్ ఎత్తి, మీరు ఇంటిపేరుతో సహా రికార్డు చేసిన పలకరింపు వాడికి వినిపిస్తుంది. అందుకే సెట్టింగ్స్‌లోని కాల్స్ భాగంలోకి వెళ్లి, అసలు నంబర్‌కు మళ్లించడం ఆపేయండి. ఆ యాప్‌లోనే మోగనివ్వండి, తిరిగి చేయాలన్నా యాప్ లోంచే చేయండి. రెండు నంబర్లూ ఒకే ఫోన్‌లో ఉన్నా రెండు వేర్వేరు తలుపులు అనుకోండి.

ఈ పిల్ల దగ్గర మళ్లింపు ఆన్‌లోనే ఉంది. ఆపించి, వాళ్ల రూమ్మేట్ ఫోన్ నుంచి వాయిస్ నంబర్‌కు ఒకసారి చేయించి, తిరిగి కాల్ చేయించాను. రూమ్మేట్ ఫోన్‌లో ఏ నంబర్ కనపడిందో చదవమన్నాను. ఇలా ఒకసారి పరీక్షించుకోకుండా అమ్మకానికి ఏమీ పెట్టకండి.

రెండోది డబ్బు తీసుకునే చోటు, ఎక్కువమంది జారేది ఇక్కడే. కొనేవాడు టేబుల్ చూశాడు, జెల్ చేస్తా నంబర్ చెప్పమన్నాడు. జెల్ అంటే అక్కడ బ్యాంకు యాప్ నుంచే ఒకరికొకరు డబ్బు పంపుకునే పద్ధతి, దానికి గూగుల్ వాయిస్ లాంటి వర్చువల్ నంబర్లు పనికిరావు. కాబట్టి మీరు ఏం చేస్తారు? గుమ్మంలో మనిషి నిలబడ్డాడు, మొహమాటం, అసలు నంబర్ చెప్పేస్తారు. అప్పటిదాకా పడ్డ కష్టమంతా మూసీలో కలిసినట్టే. దీనికి మందు చాలా చిన్నది. అమ్మకాల కోసం ఒక కొత్త ఈమెయిల్ తీసి, బ్యాంకు యాప్‌లో జెల్‌కు ఆ ఈమెయిల్ కూడా ముందే నమోదు చేసుకోండి, ఎవరు అడిగినా అదే చెప్పండి. పంపేవాడికి మీ పేరు కనపడుతుంది, దాన్ని దాచలేం. నంబర్ మాత్రం దాగుతుంది. డబ్బు వచ్చిందా లేదా అన్నది బ్యాంకు యాప్‌లోనే చూడండి. డబ్బు ఆగింది, మీ ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చాలి, అందుకు 300 డాలర్లు అదనంగా పంపాను, అవి తిరిగి ఇచ్చేయి అనే ఈమెయిల్ వస్తే అది దొంగ ఈమెయిల్. 60 డాలర్ల సామానుకు నన్నడిగితే నోటు చేతిలో పెట్టించుకోవడమే సుఖం.

ఇంకా వాట్సాప్‌లో మాట్లాడదాం అనేవాళ్లు ఉంటారు. మన వాట్సాప్‌లో అసలు నంబర్‌తో పాటు అమ్మానాన్నలతో దిగిన ఫోటో ఉంటుంది. వద్దని చెప్పండి, కోపం వస్తే రానీయండి.

నిజానికి మార్కెట్‌ప్లేస్‌లో చాట్ ఉండగా నంబర్ రాయాల్సిన అవసరమే లేదు. పాత సామాను అమ్మే ఇంకో సైట్ క్రెయిగ్స్‌లిస్ట్ కూడా మీ ఈమెయిల్ కనపడకుండా తన ద్వారా ఉత్తరాలు నడుపుతుంది. నంబర్ అవసరం పడేది మనిషి బయలుదేరాక, ఏ గేటు, ఎటు రావాలి అని అడిగేటప్పుడు. అప్పుడు వాయిస్ నంబర్ ఇవ్వండి, అంతకుముందు వద్దు. ఎవరైనా మాట్లాడిన రెండో వాక్యంలోనే నంబర్ అడిగితే, నాకు టేబుల్ మీద కన్నా నంబర్ మీదే వాడికి మోజు ఉందనిపిస్తుంది. నిజంగా కొనేవాడు అడిగేది కొలతలు, గీతలు పడ్డాయా, కారులో పడుతుందా అనే.

ఈ నంబర్‌కు హద్దులు కూడా ఉన్నాయి. మూడు నెలలు వాడకపోతే గూగుల్ దాన్ని వెనక్కి తీసుకోవచ్చు, అందుకే నెలకోసారి ఎవరికైనా ఒక మెసేజ్ పంపండి. ఎప్పుడైనా చేజారే నంబర్ కాబట్టి బ్యాంకుకు, యూనివర్సిటీకి ఇవ్వకండి. చాలా బ్యాంకుల ఓటీపీలు వీటికి అసలు రావు కూడా. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 911కు దీని నుంచి కాల్ వెళ్లదు, సిమ్ నుంచే చేయాలి. ఇంకో మాట, కాజీపేటలో రైలెక్కకముందే ఇక్కడి నుంచే తీసుకుపోదాం అనుకునేవాళ్లు ఉన్నారు. కుదరదు, అమెరికా సిమ్ చేతికి వచ్చాకే.

ఆ పిల్ల పాత ప్రకటన తీసేసి, నంబర్ లేకుండా కొత్తది పెట్టింది. మూడో రోజు ఒక ముసలాయన ట్రక్కు వేసుకుని వచ్చి 50 డాలర్లు నోట్లు ఇచ్చి పట్టుకుపోయాడట. పది తగ్గించానని బాధ.

మేం మాట్లాడుతున్నంతసేపూ అన్న తన ఫోన్‌లో వచ్చే లోన్ కాల్స్ కట్ చేస్తూనే ఉన్నాడు. చివరికి, "నాకు గూడ అసుంటి నంబర్ ఒకటి ఇప్పియ్యరాదు తమ్మి" అన్నాడు.

"మరి షట్టరో అన్నా?"

"షట్టర్ మీద ఏం జేస్త, పెయింటు ఖర్చు నువ్విస్తవా?" అని లేచి వెళ్లిపోయాడు.