పుల్‌బ్యాక్ తర్వాత ఎన్‌గల్ఫింగ్ క్యాండిల్: స్టాప్ లాస్ ఎక్కడ పెట్టాలి?

"అన్నా, డైలీ చార్టులో బుల్లిష్ ఎన్‌గల్ఫింగ్ కనబడగానే కొంటున్నాను. చాలాసార్లు స్టాప్ లాస్ కొట్టేసి, తర్వాత పైకి పోతోంది. ఎక్కడ నమ్మాలి, స్టాప్ ఎక్కడ పెట్టాలి?"

తమ్ముడూ, నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ డైలీ చార్టుల మీదే ట్రేడ్ చేస్తాను. ముందు క్యాండిల్ ఎక్కడ పడిందో చూస్తాను, ఆకారం సంగతి ఆ తర్వాతే. పక్కకు నడిచే షేరులో ఎన్‌గల్ఫింగ్‌లు వస్తూనే ఉంటాయి, వాటికి విలువ లేదు. పైకి వెళ్తున్న షేరు కాస్త దిగి, పాత రెసిస్టెన్స్ దగ్గర ఆగినప్పుడు వచ్చిన దాన్నే పట్టించుకుంటాను. అమ్మేవాళ్లు అక్కడ ఓడిపోయారని అది చూపిస్తుంది.

లెక్క కోసం ఒక షేరు అనుకుందాం. ₹480 దగ్గరున్న రెసిస్టెన్స్ దాటి 520 దాకా వెళ్లి, మళ్లీ దిగింది. ఒకరోజు ఎర్ర క్యాండిల్: ఓపెన్ 488, క్లోజ్ 483. మర్నాడు 481లో ఓపెనై, 477 దాకా జారి, 492లో క్లోజైంది. నిన్నటి బాడీ మొత్తం ఈ బాడీలో మునిగిపోయింది. 480కి ఆనించి కాస్త కిందే స్టాప్‌లు పెట్టుకున్నవాళ్లు ఆ జారుడులోనే బయటపడ్డారు, నీకు జరుగుతున్నది బహుశా ఇదే.

అందుకే స్టాప్‌ను సపోర్ట్‌గా మారిన 480 గీతకు ఆనించి గానీ, బాడీ మధ్యలో గానీ పెట్టకు. రెండు క్యాండిల్స్‌లో ఏది ఎక్కువ కిందికి దిగిందో ఆ ధర చూడు, ఇక్కడ 477. దాని కింద ఏటీఆర్‌లో, అంటే షేరు రోజుకు సగటున కదిలే దూరంలో, పావు వంతు వదులు. 14 రోజుల ఏటీఆర్ 12 అయితే 3 రూపాయలు, అంటే స్టాప్ 474. మర్నాడు 493లో కొంటే షేరుకు 19 రూపాయల రిస్క్. ఈ ట్రేడ్‌లో 2,000కి మించి పోకూడదనుకుంటే 105 షేర్లే కొనాలి. ఎక్కువ షేర్లు వస్తాయని స్టాప్‌ను దగ్గరికి జరపొద్దు, క్వాంటిటీ తగ్గించు.

క్యాండిల్ మరీ పెద్దదైతే నేను వదిలేస్తాను. అదే 506లో క్లోజైందనుకో, స్టాప్ 32 రూపాయల దూరం, పైన 520కి మిగిలింది 14. చూడ్డానికి ఎంత బలంగా ఉన్నా ఆ ధరకు కొనడం దండగ.

ఇంకొకటి, మూడింటికి ఎన్‌గల్ఫింగ్‌లా కనబడింది మూడున్నరకు మామూలు క్యాండిల్‌గా మిగిలిపోవచ్చు. క్లోజ్ అయ్యాకే నిర్ణయించుకో.

మామూలు స్టాప్ లాస్ ఆర్డర్ ఆ రోజుతోనే అయిపోతుంది కాబట్టి డెలివరీలో జీటీటీ, అంటే ట్రిగ్గర్ ధర వచ్చేదాకా రోజులు దాటినా నిలిచే ఆర్డర్, పెట్టుకోవాలి. అది ట్రిగ్గరయ్యాక సాధారణంగా లిమిట్ ఆర్డరే వెళ్తుంది. ట్రిగ్గర్ 474 అయితే లిమిట్ కాస్త కింద, 470 అలా ఇవ్వు. గ్యాప్ డౌన్‌లో 465కే ఓపెనైతే అదీ అమ్ముడుపోదు, ఆ ఉదయం 9:15కి నువ్వే చూసి అమ్ముకోవాలి.