పీహెచ్‌క్యూ-9 లో 12 వస్తే డిప్రెషన్ ఉన్నట్టేనా?

"మా అమ్మగారికి 49 ఏళ్లు. ఉండేది గుంటూరు. ఒంట్లో బాగాలేదంటే దగ్గర్లోని క్లినిక్‌కు తీసుకెళ్లాం. అక్కడ తొమ్మిది ప్రశ్నల కాగితం నింపించి, మొత్తం 12 వచ్చింది, 10 దాటింది కాబట్టి డిప్రెషన్ అన్నారు. ఒక్క అంకె చూసి అలా చెప్పేయవచ్చా?"

గుంటూరు జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలో వైద్యుడిగా చాలాకాలంగా పనిచేస్తున్నాను. డిప్రెషన్ ఉందేమో పసిగట్టడానికి నింపించే ఈ తొమ్మిది ప్రశ్నల కాగితం పేరే పీహెచ్‌క్యూ-9. దీన్ని దాదాపు ప్రతిరోజూ వాడతాను. ఒకప్పుడు నేను కూడా మొత్తం మాత్రమే చూసి పొరపాటు చేశాను కనుక, ఆ కేసుతోనే మొదలుపెడతాను.

ఆమెకు 44 ఏళ్లు. మిర్చి సీజన్‌లో తొడిమలు తీసే కూలిపనికి వెళ్లేది. నీరసం, నిద్ర పట్టడం లేదని వచ్చింది. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎన్ని రోజులు ఉందో ఈ కాగితం అడుగుతుంది. అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగం కంటే ఎక్కువ రోజులు ఉంటే 2, దాదాపు ప్రతిరోజూ ఉంటే 3 వేసి తొమ్మిదింటినీ కూడుతాం. అన్నిటికీ 3 వేస్తే 27 అవుతుంది. ఎర్రబారిన వేళ్ల కణుపుల మీద రోజులు లెక్కపెట్టుకుంటూ ఆమె ఇచ్చిన జవాబులివి: పనుల మీద ఆసక్తి తగ్గడం 1, దిగులు 1, నిద్ర 3, అలసట 3, ఆకలి 2, తన మీద తనకు చిన్నచూపు 0, ఏకాగ్రత 1, కదలికలు మందగించడం లేదా స్థిమితం లేకపోవడం 1, చనిపోతే బాగుండుననే ఆలోచన 0. మొత్తం 12. నేను ఓపీ చీటీ మీద డిప్రెషన్ అని రాసి మాత్రలు మొదలుపెట్టాను. నెల తర్వాత ఆమె అదే నీరసంతో, పైగా "నాకు పిచ్చి అని రాశారట" అన్న బాధతో తిరిగి వచ్చింది.

ఆ రోజు పాత కాగితం తీసి, మొత్తాన్ని పక్కనపెట్టి ఒక్కో గడీ చూశాను. 12 లో 8 మార్కులు నిద్ర, అలసట, ఆకలి అనే మూడు శరీర లక్షణాల నుంచే వచ్చాయి. డిప్రెషన్‌కు మూలమైన మొదటి రెండు ప్రశ్నల్లో, అంటే ఆసక్తి, దిగులులో ఏదీ 2 కు చేరలేదు. నెలసరి సంగతి అడిగితే రక్తస్రావం చాలా ఎక్కువగా అవుతోందని అప్పుడు చెప్పింది. హిమోగ్లోబిన్ చేయిస్తే 8.2 మాత్రమే ఉంది, అంటే రక్తహీనత. రాత్రి పడుకోగానే కాళ్లు లాగేసి, కదిలిస్తే తప్ప ఊరుకోని బాధ వల్ల నిద్ర పట్టడం లేదని కూడా తేలింది. ఇనుము లోపించిన వాళ్లలో ఇది తరచుగా కనిపించేదే. రక్తస్రావానికి వైద్యం చేయించి, ఐరన్ ఇచ్చాక, మూడు నెలలకు అదే కాగితం నింపిస్తే 4 వచ్చింది.

అదే ఏడాది ఒక యువ కౌలు రైతుకు కూడా సరిగ్గా 12 వచ్చింది. ఆసక్తి 2, దిగులు 3, నిద్ర 1, అలసట 1, ఆకలి 0, తన మీద చిన్నచూపు 3, ఏకాగ్రత 1, కదలికలు 0, చివరి ప్రశ్నకు 1. చివరి ప్రశ్నలో 1 పడినా దాన్ని ఒక మార్కుగా చూడకూడదు. ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తోంది, ఏం చేసుకోవాలో అనుకున్నాడా, ఇంట్లో తోడెవరున్నారు అని ఆ పూటే, ఆ గదిలోనే అడగాలి. అతని అన్నగారిని పిలిపించి, ఇంట్లోని పురుగుమందు డబ్బాలను వేరేచోటికి మార్పించి, అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరకు పంపాం. ఇద్దరి మొత్తమూ ఒకటే అయినా చేయవలసిన వైద్యంలో ఏ పోలికా లేదు. అతనికి మొత్తం 6 వచ్చినా, చివరి గడీలో 1 ఉంటే నేను చేసేది అదే.

ఇక 10 అనే గీత సంగతి. ఈ కాగితాన్ని రూపొందించిన కర్ట్ క్రోంకే, రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్ 2001 లో ప్రచురించిన అధ్యయనంలో, కాగితం నింపిన వాళ్లలో 580 మందితో మానసిక ఆరోగ్య నిపుణులు విడిగా మాట్లాడి, ఎవరికి నిజంగా మేజర్ డిప్రెషన్ ఉందో తేల్చారు. 10 దగ్గర గీత గీస్తే, జబ్బు ఉన్నవాళ్లలో 88 శాతం మంది గీతకు పైన, జబ్బు లేనివాళ్లలో 88 శాతం మంది గీతకు కింద పడ్డారు. దీన్ని "10 దాటితే 88 శాతం జబ్బు ఉన్నట్టే" అని చదవడమే అందరూ చేసే పొరపాటు. మా ఓపీకి వచ్చే 1000 మందిలో 100 మందికి డిప్రెషన్ ఉందనుకోండి. లెక్క కోసమే ఈ సంఖ్య తీసుకున్నాను. ఆ 100 మందిలో 88 మంది గీత దాటుతారు. జబ్బు లేని 900 మందిలో 12 శాతం, అంటే 108 మంది కూడా దాటుతారు. మొత్తం 196 మందిలో నిజంగా జబ్బు ఉన్నది 88 మందికి, అంటే సగానికి తక్కువే. అదే కాగితాన్ని మానసిక వైద్య విభాగం ఓపీలో, సగం మందికి డిప్రెషన్ ఉన్నచోట వాడితే, గీత దాటిన 500 మందిలో 440 మందికి జబ్బు ఉంటుంది. గీత మారలేదు, కూర్చున్న మనుషులు మారారు. కాబట్టి మా స్థాయిలో 10 దాటడమంటే "ఈమెతో తీరిగ్గా మాట్లాడాలి, పరీక్షించాలి" అని అర్థమే తప్ప, రోగనిర్ధారణ అయిపోయిందని కాదు.

కాగితం ఎలా నింపారన్నది కూడా కనుక్కోండి. మన భాషలో "నీరసంగా ఉందండీ" అన్న మాట ఒంటికీ వాడతారు, మనసుకూ వాడతారు. అడిగేవాళ్లు విడదీయకపోతే ఒకే బాధకు దిగులు గడీలోనూ, అలసట గడీలోనూ మార్కులు పడిపోతాయి. "అప్పుడప్పుడూ" అంటే 1 వేసేయకుండా, పద్నాలుగు రోజుల్లో ఎన్నిరోజులమ్మా అని లెక్కపెట్టించాలి. కింద ఉండే పదో ప్రశ్న, ఈ ఇబ్బందుల వల్ల పనులు ఎంత కష్టమయ్యాయన్నది, కూడికలోకి రాదు. అయినా నేను చాలా విలువిచ్చే జవాబు అదే. మరో ముఖ్యమైన విషయం, మీరు పక్కన కూర్చుని ఉంటే అమ్మగారు చివరి ప్రశ్నకు "ఛ, అలాంటిదేం లేదు" అనే అంటారు. పిల్లల ముందు నిజం చెప్పిన తల్లిని నేను అరుదుగా చూశాను. ఆ ప్రశ్నలను ఒంటరిగా అడగమని కోరండి.

ఆ కాగితం నకలు తీసుకుని గడీలు చూడండి. మొదటి రెండింటిలో ఒకటైనా 2 లేదా 3 ఉండి, మొత్తం తొమ్మిదింటిలో ఐదు గడీలు ఆ స్థాయిలో ఉంటే (చివరి ప్రశ్నకు 1 ఉన్నా లెక్కే) మేజర్ డిప్రెషన్ అయ్యే అవకాశం బలంగా ఉన్నట్టు. అప్పుడు కూడా డాక్టరు మాట్లాడి ఖాయం చేయాలి. మార్కులన్నీ నిద్ర, అలసట, ఆకలి దగ్గరే పోగుపడితే హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షల గురించి అడగండి. ఇటీవల ఇంట్లో ఎవరైనా పోయారా, ఎప్పుడైనా కొన్ని రోజులపాటు నిద్ర అక్కర్లేనంత విపరీతమైన హుషారు వచ్చిందా అన్నవి డాక్టరుకు చెప్పండి, ఎందుకంటే వాటిని బట్టి మందులు మారతాయి. ఇప్పటికే మాత్రలు మొదలుపెట్టి ఉంటే మీ అంతట మీరు ఆపవద్దు. కొన్ని వారాల తర్వాత మళ్లీ నింపించినప్పుడు 12 కాస్తా 10 అయితే దాన్ని మార్పుగా లెక్కించం. 5 మార్కులు తగ్గితేనే నిజంగా కుదుటపడుతున్నట్టు చూస్తాం.

చివరి గడీలో 0 కాక మరేదైనా ఉంటే ఇవన్నీ ఆగాలి. ఈ రోజే గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. వేళ కాని వేళయితే అత్యవసర విభాగానికి వెళ్లండి, ఆమెను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కు ఏ వేళప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.