నాలుగు గళ్ల పట్టిక: ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకి పనికొస్తుందా?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. పాపకి ఏడేళ్లు, బాబుకి మూడు. ‘అర్జెంటు, ముఖ్యం’ అని నాలుగు గళ్లు గీసి వారం పనులు సర్దుకుందామని కూర్చున్నా. ఇరవై పనులు రాస్తే పద్దెనిమిది ‘అర్జెంటూ, ముఖ్యమూ’ గడిలోకే వచ్చాయి. ఎవరైనా నిజంగా వాడారా? ఎలా?

జవాబు:

హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మావాళ్లకి ఎనిమిదేళ్లు, నాలుగేళ్లు. రెండేళ్లుగా వాడుతున్నా, మధ్యలో ఒకసారి విసుగొచ్చి మానేసి మళ్లీ మొదలుపెట్టా.

ముందు మీ జాబితాలోంచి వంట, స్నానాలు, స్కూల్ వ్యాన్ ఎక్కించడం లాంటివన్నీ కొట్టేయండి. అవి ఏ గడిలో రాసినా చేయక తప్పదు. చేయాలా వద్దా, ఇప్పుడా తర్వాతా అని తేల్చుకోవాల్సిన పనులకే ఈ పట్టిక. నాకు ఇరవై రెండు రాస్తే ఈ ఒక్క కొట్టివేతతో పదమూడు మిగిలాయి.

తర్వాత చేతిలో ఎంత టైం ఉందో లెక్కేసుకోవాలి. గళ్లు పనుల్ని విడదీస్తాయి కానీ గంటలు పుట్టించవు. పిల్లలు పడుకున్నాక రోజుకి ముప్పావు గంట, ఐదు రోజులకి మూడు గంటల ముప్పావు. శనివారం పొద్దున రెండున్నర. మొత్తం ఆరుంబావు గంటలు. ఇది తెలియక ముందు నేను వారానికి పదిహేను గంటల పని రాసుకుని, శనివారం రాత్రి నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఇక అసలు కిటుకు ప్రశ్నల వరుసలో ఉంది. అందరూ ముందు ‘ఎప్పటికల్లా’ అని చూస్తారు. తేదీ కనబడగానే పని పెద్దదైపోతుంది. నేను ముందు తేదీ చూడను. ‘ఇది అసలు చేయకపోతే ఎవరికి ఏం నష్టం’ అని అడుగుతా. నష్టం చెప్పగలిగితేనే ముఖ్యం. ఆ తర్వాత ‘ఆ నష్టం వచ్చే ఆదివారం లోపలే జరుగుతుందా’ అని అడిగి పక్కన తేదీ వేస్తా. తేదీ వేయలేకపోతే, ఎవరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా అది అర్జెంటు కాదు. రెండూ అయితే మొదటి గడి, ముఖ్యమే కానీ అర్జెంటు కాకపోతే రెండోది, అర్జెంటే కానీ ముఖ్యం కాకపోతే మూడోది, రెండూ కాకపోతే నాలుగోది.

ఒక వారం సంగతి చెప్తా. ఆ నెల 20వ తేదీ శుక్రవారం పడింది. మాది నెలనెలా వేసే జీఎస్టీ, 20 దాటితే రోజుకి యాభై రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. కాబట్టి ఆ నెలవారీ రిటర్న్, 3బీ, మొదటి గడిలో, అందులో అనుమానం లేదు. కానీ మన కొనుగోళ్ల పన్ను వివరాలు చూపించే 2బీ 14వ తేదీకే వచ్చేస్తుంది. దాన్ని మా పుస్తకాలతో సరిచూసుకోవడం సోమవారం నాటికి ఇంకా రెండో గడి పనే. ప్రశాంతంగా రెండు గంటల్లో అయిపోతుంది. గురువారం దాకా ఆపితే అదే పని మొదటి గడిలోకి దూకి, సాయంత్రం ఏడింటి దాకా ఆఫీసులో కూర్చోబెడుతుంది, అప్పుడు పిల్లల్ని తెచ్చేదెవరని ఇంకో టెన్షన్. అందుకే సోమవారం పొద్దున ఆఫీసుకి వెళ్లగానే దాన్నే ముందు పట్టుకున్నా.

అదే వారం పెద్దదాని పన్ను మీద నల్లచుక్క విషయం కూడా రాసి ఉంది. అంతకు ముందు మూడు నెలల జాబితాల్లోనూ ఉంది, ప్రతిసారీ రెండో గడిలోనే. నొప్పి లేదుగా అని తోసేస్తూ వచ్చా. గురువారం రాత్రి పదకొండింటికి బుగ్గ పట్టుకుని ఏడుస్తూ లేచింది. శుక్రవారం నేను సెలవు పెట్టడానికి లేదు, మా ఆయన పెట్టారు. చుక్క ఉన్నప్పుడే వస్తే ఒక్కసారి కూర్చుని ఫిల్లింగ్‌తో పోయేదన్నారు డాక్టర్. ఇప్పుడు లోపలి నరం దాకా పోయింది, శుభ్రం చేసి క్యాప్ వేయాలి, మూడుసార్లు రావాలి. పాలపన్నే కదా పీకేయండి అన్నాను. దవడ పాలపన్ను పదీ పదకొండేళ్ల దాకా ఉండాలట, ముందే తీసేస్తే పక్క పళ్లు జరిగి అసలు పన్నుకి చోటుండదట.

అప్పటినుంచి రెండో గడికి నియమం పెట్టుకున్నా. వారానికి రెండే పనులు, రెండింటికీ ఏ రోజు, ఎన్ని గంటలకో రాయాలి. ‘డెంటిస్ట్’ అని రాయను, ‘శనివారం 10:30, అపాయింట్‌మెంట్ తీసుకున్నా’ అని రాస్తా. ఒక పని రెండు వారాలు వాయిదా పడితే మూడో వారం తేదీ నేనే వేసి మొదటి గడిలోకి తోసేస్తా. దొంగ తేదీయే, కానీ పనిచేస్తోంది.

మూడో గడి దగ్గర ఎక్కువ దెబ్బతిన్నా. అర్జెంటే కానీ ముఖ్యం కానివి ఎవరికైనా అప్పగించమంటారు. ఈ అర్జెంటు, ముఖ్యం మాటలు ఐసెన్‌హోవర్ 1954లో ఒక ప్రసంగంలో, ఒక కాలేజీ మాజీ అధ్యక్షుడు అన్నవిగా చెప్పినవి. అమెరికా అధ్యక్షుడికి అప్పగించడానికి బోలెడు మంది ఉంటారు! నాకు మా ఆయన, పైన మా అత్తగారు. మొదట్లో ‘స్కూల్ సంగతి మీరు చూడండి’ అంటే, ‘గుర్తు చెయ్యి, చేస్తా’ అనేవారు. అంటే చేయడం ఆయనది, గుర్తుంచుకోవడం నాది. సగం బరువు నా నెత్తినే ఉండిపోయింది. చివరికి స్కూల్ వాట్సాప్ గ్రూప్‌ని నా ఫోన్‌లో మ్యూట్ చేశాను. చార్టులు, ఫీజు రసీదులు, కలర్ డ్రెస్సులు అన్నీ ఆయనవే. మొదటి నెల ఒక చార్ట్ మర్చిపోయారు, టీచర్ డైరీలో రాసింది. నోరు మూసుకుని ఊరుకున్నా, అది మాత్రం కష్టం! దోసెల పిండి కూడా రుబ్బడం మానేసి కొంటున్నాం. అత్తగారు నెల రోజులు పుల్లగా ఉందన్నారు, ఇప్పుడు ఆవిడే తెప్పిస్తున్నారు.

ముఖ్యమా కాదా అన్నది ఒక్కరే తేల్చకండి. ఒకసారి బుధవారం ‘ఎల్లో డే’, పసుపు గౌను లేదు. పిల్లల డ్రెస్సులో ఏముందిలే అని వదిలేశా. చిన్నది క్లాసంతా పసుపులో ఉంటే తనొక్కతే నీలం గౌనులో కూర్చుని, ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇప్పుడు ఆదివారం రాత్రి జాబితా గట్టిగా చదువుతా, పిల్లలు చెప్తారు. పుట్టినరోజుకి ఏ రిటర్న్ గిఫ్ట్ ఇవ్వాలని నేను మూడు రోజులు వెతికిన పని వాళ్లకి అసలు పట్టనే లేదు. అలా అది నాలుగో గడిలోకి పోయింది.

ఆదివారం రాసింది బుధవారం రాత్రి ఒకసారి చూసుకోండి, ఐదు నిమిషాలు చాలు. తేదీలు మారిపోయి ఉంటాయి. పిల్లలకి జ్వరం వచ్చిన వారం మాత్రం పట్టిక జోలికి పోను. మొదటి గడిలో తేదీ దాటితే డబ్బులు పోయేవి ఏవో ఒకటి రెండు చూసి, మిగతా కాగితం మడిచి ఫ్రిజ్ మీద పెట్టేస్తా.