నరం సరిగ్గానే ఉంది, మరి రెప్ప ఎందుకు వాలింది?

ప్రశ్న: మొదటి బయోలాజికల్ సైకాలజీ క్లాసులో యాక్షన్ పొటెన్షియల్ ‘వస్తే పూర్తిగా వస్తుంది, లేదంటే అసలు రాదు’ అన్నారు. కాసేపటికే సైనాప్స్ దగ్గర సిగ్నల్ ఎక్కువా తక్కువా అవుతుందన్నారు. రెండూ ఒకేసారి ఎలా నిజం? రేపటికి నోట్స్ రాయాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

ఈ ముడి నాకు విడింది క్లాసులో కాదు, బెంగళూరులో ఒక న్యూరాలజీ ల్యాబ్‌లో, మా అమ్మ పక్కన కూర్చున్నప్పుడు. అప్పుడు నేను ఎమ్మెస్సీ సైకాలజీ మొదటి సంవత్సరం. అమ్మ హిందూపురం నుంచి నా దగ్గరికి వచ్చింది. పొద్దున లేచినప్పుడు బాగానే ఉండేది. సాయంత్రమయ్యేసరికి ఎడమ కనురెప్ప వాలిపోయేది. రాత్రి ఒక చపాతీ నమిలేలోపే దవడలు అలసిపోయి, ప్లేటు పక్కన పెట్టేసేది. అంతకుముందు చూపించిన కంటి ఆసుపత్రిలో వయసు వల్లే అని చెప్పి కళ్లజోడు మార్చి పంపారు. అలా ఆరు నెలలు పోయాయి. న్యూరాలజిస్ట్ మాత్రం ‘పొద్దున బాగుండి సాయంత్రానికి తగ్గుతుందా?’ అని రెండుసార్లు అడిగి, వెంటనే ఒక నరాల పరీక్ష రాశారు.

ఆ పరీక్ష అర్థం కావాలంటే ముందు నరం తీగలో ఏం జరుగుతుందో చూడాలి. ఊరికే ఉన్న న్యూరాన్ లోపలి వైపు బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. అందుకే మైనస్ 70 అంటాం. ఏదో కారణంగా అది మైనస్ 55 దగ్గరికి చేరితే సోడియం ఛానెళ్లు తెరుచుకుంటాయి. సోడియం లోపలికి వచ్చేకొద్దీ వోల్టేజీ పెరుగుతుంది, వోల్టేజీ పెరిగేకొద్దీ ఇంకొన్ని ఛానెళ్లు తెరుచుకుంటాయి. ఈ చక్రం ఒకసారి మొదలైతే సగంలో ఆగదు. ఒక మిల్లీసెకను లోపే లోపలి వోల్టేజీ ప్లస్ 30 దాకా ఎగుస్తుంది. తర్వాత సోడియం ఛానెళ్లు మూసుకుపోతాయి, పొటాషియం బయటికి పోతుంది, వోల్టేజీ మళ్లీ కిందికి దిగుతుంది. ఇలా ఎగసి దిగడమే యాక్షన్ పొటెన్షియల్. ‘వస్తే పూర్తిగా’ అనడం ఇందుకే. టపాకాయల సరంలో ఒక్కో టపాకాయ తన మందుతోనే పేలినట్టు, ఆక్సాన్ అనే ఆ తీగ మీద ప్రతి చోటా ఈ పని కొత్తగా జరుగుతుంది. కాబట్టి ఎంత దూరం పోయినా సిగ్నల్ పలచబడదు. తేడా ఒక్కటే: కాలిన టపాకాయ మళ్లీ పేలదు, నరం మాత్రం కొన్ని మిల్లీసెకన్లలో మళ్లీ సిద్ధమవుతుంది.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. అమ్మ చెవి ముందు, ముఖ నరం మీద చిన్న కరెంటు షాకులు ఇచ్చారు, సెకనుకు మూడు చొప్పున. ‘చిటుక్కుమంటుందమ్మా, భయపడకండి’ అన్నారు టెక్నీషియన్. ముక్కు పక్కన కండరం మీద అంటించిన ఎలక్ట్రోడ్ నుంచి ఒక్కో షాక్‌కి ఒక్కో అల తెర మీద వచ్చింది. మొదటిది పొడుగ్గా వచ్చింది. రెండోది కాస్త పొట్టి, మూడోది ఇంకా పొట్టి. నాలుగోది మొదటిదాని కంటే 24 శాతం తక్కువ. మామూలుగా పది శాతం మించి తగ్గకూడదు. నేను ఆ తెర వైపే చూస్తూ ఉండిపోయాను. షాక్ మారలేదు. పైగా నరంలోని ఆక్సాన్లన్నీ ప్రతిసారీ స్పందించేంత బలంగానే దాన్ని పెడతారు. అంటే నరంలో ప్రతిసారీ పూర్తి యాక్షన్ పొటెన్షియల్స్ వచ్చాయి. మరి తగ్గింది ఎక్కడ?

నరం కొస దగ్గర, అంటే కండరంతో కలిసే సైనాప్స్ దగ్గర. యాక్షన్ పొటెన్షియల్ అక్కడికి చేరగానే కాల్షియం ఛానెళ్లు తెరుచుకుంటాయి. కాల్షియం బయట వేల రెట్లు ఎక్కువ కాబట్టి లోపలికి దూకుతుంది. ఆ కాల్షియం తగిలాక, పొర దగ్గర సిద్ధంగా ఉన్న చిన్న చిన్న సంచులు పొరతో కలిసిపోయి, తమలోని రసాయనమైన ఎసిటైల్‌కోలిన్‌ను బయటికి వదులుతాయి. మనిషి కండరం దగ్గర ఒక్కో సిగ్నల్‌కి కొన్ని పదుల సంచులు తెరుచుకుంటాయి, ఒక్కో సంచిలో కొన్ని వేల అణువులు ఉంటాయి. సగం సంచి అంటూ ఉండదు. 1950ల మొదట్లో పాల్ ఫాట్, బెర్నార్డ్ కాట్జ్ కప్ప కండరంలో పట్టుకున్నది ఇదే. నరం ఊరికే ఉన్నప్పుడు కూడా అప్పుడప్పుడూ అర మిల్లీవోల్టు పాటి చిన్న పెరుగుదలలు కనిపించేవి. ఒక్కో పెరుగుదల ఒక్కో సంచి.

ఆ అణువులు సన్నని ఖాళీని దాటి కండరం మీది రిసెప్టర్లను తాకితే అక్కడ వోల్టేజీ పెరుగుతుంది. ఎంత పెరుగుతుందనేది ఎన్ని సంచులు తెరుచుకున్నాయి, ఎన్ని రిసెప్టర్లు అందుబాటులో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీ లెక్చరర్ చెప్పిన ‘ఎక్కువా తక్కువా’ ఇదే.

ఒక లెక్క వేసుకుందాం. అంకెలు అర్థం కావడానికి నేను వేసుకున్నవే. ఒక కండర పోగు స్పందించాలంటే 15 మిల్లీవోల్టుల పెరుగుదల కావాలి. ఆరోగ్యవంతులలో మొదటి షాక్‌కి 40 వస్తుంది. వరసగా షాకులిస్తే సిద్ధంగా ఉన్న సంచులు తగ్గుతాయి కాబట్టి నాలుగోసారికి 30 వస్తుంది. అయినా ఇబ్బంది లేదు, 15 దాటింది, పోగు పూర్తిగా స్పందిస్తుంది. అమ్మ శరీరంలో తయారైన యాంటీబాడీలు ఆ రిసెప్టర్లనే పాడుచేస్తున్నాయి. ఆమెకి మొదటిసారి 18, నాలుగోసారి 13 అనుకోండి. ఆ పోగు కొంచెం స్పందించి ఊరుకోదు, అసలే స్పందించదు. ఎందుకంటే కండర పోగుదీ యాక్షన్ పొటెన్షియలే. తెర మీద అల పొట్టి అవడానికి కారణం ఒక్కో పోగు బలహీనపడటం కాదు, కొన్ని పోగులు పూర్తిగా తప్పుకోవడం. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అమ్మ రెప్ప అంత నెమ్మదిగా వాలడం వెనక ఉన్నది వేల ‘అవును, కాదు’లు.

ఈ జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్. ఆ ఖాళీలోనే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటి ఉంటుంది. దాన్ని తగ్గిస్తే మిగిలిన రిసెప్టర్లకు అణువులు ఎక్కువసేపు దొరుకుతాయి. డాక్టర్ అమ్మ రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ పెట్టి తీస్తే రెప్ప కాస్త పైకి లేచింది. చలికి ఆ ఎంజైమ్ మందగించడం దానికి ఒక కారణం. పిరిడోస్టిగ్మిన్ మాత్ర చేసే పనీ అదే, కానీ ఒకటి వేసుకుంటే మూడు నాలుగు గంటలే ఉంటుంది. యాంటీబాడీలకు వేరే మందులు కావాలి.

నోట్స్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదంతా నరానికీ కండరానికీ మధ్య సంగతి. అక్కడ ఒక్క సిగ్నల్ చాలు, కండరం కదులుతుంది. మెదడులో సాధారణంగా ఒక్క సైనాప్స్ చాలదు. ఒక సిగ్నల్‌కి ఒక సంచి తెరుచుకోవచ్చు, ఒక్కోసారి ఏదీ తెరుచుకోదు. గ్లుటమేట్ వదిలే సైనాప్సులు చాలా కలిసి వోల్టేజీని పైకి నెడితే, గాబా వదిలేవి వెనక్కి లాగుతాయి. ఆ మొత్తం హద్దు దాటితేనే న్యూరాన్ ఫైర్ అవుతుంది. వదిలిన రసాయనాన్ని శుభ్రం చేసే పద్ధతి కూడా వేరు. సెరటోనిన్‌ను ఎక్కువగా, వదిలిన న్యూరానే తిరిగి లోపలికి లాక్కుంటుంది. డిప్రెషన్‌కి ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు ఆపేది ఈ లాక్కోవడాన్నే.

అమ్మ ఇప్పుడు హిందూపురంలోనే ఉంది. భోజనానికి అరగంట ముందు మాత్ర వేసుకుని, చపాతీ మొత్తం తింటుంది.