రోజు కూలిలో కనిపించని రోజులు

ప్రశ్న: మా తమ్ముడు ఐటీఐ అయ్యాక కోనసీమలో సొంతంగా ఇళ్ల వైరింగ్ పనులు మొదలుపెట్టాడు. ఊళ్లో అందరూ రోజుకు 900 తీసుకుంటున్నారట. వాడూ అంతే అడగాలా? గంట లెక్కన అడగవచ్చా?

అమలాపురం చుట్టుపక్కల పంతొమ్మిదేళ్లుగా ఇదే పని చేస్తున్న నేను, అందులో మొదటి పదేళ్లు పక్కవాడు అడిగినంతే అడిగి నష్టపోయాను. అందుకే ఊళ్లో ఎంత నడుస్తోందన్న సంగతి నేను చిట్టచివర చూస్తాను. ముందు చూడవలసింది ఏడాదిలో మనకు కూలి చేతికొచ్చే రోజులు ఎన్ని అన్నది.

ఈ సంగతి నాకు తెలిసి వచ్చింది 2017 వేసవిలో, పి.గన్నవరం అవతల ఒక లంక గ్రామంలో ఇంటికి స్లాబు వేస్తున్నప్పుడు. అప్పట్లో నా కూలి 700. కింది వరస ఊచలు కట్టడం పూర్తయితే తప్ప మేము ఫ్యాన్ బాక్సులు పెట్టి పైపులు పరచడానికి వీలుండదు. మేస్త్రీ రమ్మన్నాడని వెళ్లిన మూడు ఉదయాలూ ఊచలు కట్టేవాళ్లు రాకపోవడంతో, కొబ్బరి చెట్టు కింద పదింటి దాకా కూర్చుని వెనక్కి వచ్చాను. ఆ తరువాత రెండు రోజుల్లో పైపులన్నీ పరిచాను. కాంక్రీటు పోసే రోజున కూడా ఉంటానని చెబితే ఇంటి యజమాని, "పైపులు వేసేశావు కదయ్యా, నిలబడి చూడటానికి కూలేంటి?" అన్నారు. మొహమాటపడి "సరేనండి" అని వచ్చేశాను.

నెలన్నర తరువాత తీగ లాగబోతే, అందుకోసం పైపులోకి తోసే స్ప్రింగు హాలు మధ్య బాక్సు దగ్గర ముందుకు కదలలేదు. కాంక్రీటు పోసేటప్పుడు ఎవరి కాలో పడి పైపు జాయింటు ఊడిపోయి, సిమెంటు పాలు లోపలికి చేరి గడ్డకట్టాయి. తప్పు నాదే అన్నారు కాబట్టి రెండు రోజులు స్లాబు అడుగు భాగం చెక్కి కొత్త దారి చేశాను. తలపైకెత్తి పట్టుకున్న డ్రిల్లులోకి దుమ్మంతా దిగింది. గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు ఎక్కువగా కనబడుతుంటే కార్బన్ బ్రష్షులు అరిగాయని గ్రహించి అక్కడే ఆపవలసింది, కానీ ఆ పూటకు ముగిద్దామన్న తొందరలో ఆపలేదు, డ్రిల్లు మోటారులోని ఆర్మేచర్ కాలిపోయింది. ఆ స్లాబు కోసం నేను వెళ్లింది ఏడు రోజులు, కూలి అందింది రెండు రోజులకు, అంటే 1,400. ఆర్మేచరుకు 650, పెట్రోలుకు 420 పోగా మిగిలిన 330 రూపాయలను ఏడు రోజులకు పంచితే రోజుకు 50 రూపాయలైనా పడలేదు.

ఆ రాత్రి నుంచి గోడ క్యాలెండరు మీద ప్రతి రోజూ ఒక గుర్తు పెట్టడం మొదలుపెట్టాను. కూలి వచ్చిన రోజుకు గీత, వెళ్లినా రాని రోజుకు సున్నా, ఇంట్లో ఉన్న రోజుకు ఖాళీ. నిరుడు ఆ గుర్తులు లెక్కపెడితే ఆదివారాలు, పండుగలు, పెళ్లిళ్లు, జ్వరాలు కలిపి 68 రోజులు పోయాయి. వానల వల్ల, మూఢం, ఆషాఢం వంటి ముహూర్తాలు లేని కాలంలో పనులు మందగించడం వల్ల 52 రోజులు పోయాయి. మేస్త్రీ కోసమో సామాను కోసమో ఎదురుచూసి వెనుదిరిగినవి 19, అంచనా చెప్పడానికీ, పాత పనిలో లోపం సరిచేయడానికీ, బాకీ వసూలుకూ తిరిగినవి 22. చివరకు గీతలు మిగిలింది 204, అంటే నెలకు 17 రోజులు. వరద వచ్చిన ఏడాది ఇదీ ఉండదు. 2022 జూలైలో గోదావరికి వరద వచ్చి లంకల్లోకి పడవలు తప్ప దారి లేనప్పుడు, ఒప్పుకున్న పని ఉండి కూడా నేను ఇంట్లోనే కూర్చున్నాను.

ఇక ఖర్చు సంగతి. మా ఇల్లు గడవడానికి నెలకు 20 వేల చొప్పున ఏడాదికి 2,40,000 కావాలి. డ్రిల్లు, గోడ కోసే మెషిన్ మూడేళ్లకు మించి ఉండవని అనుకుని వాటి ధరలో మూడో వంతు, దానికి బ్లేడ్లు, బిట్లు, మరమ్మతులు కలిపితే 14 వేలు. బండి పెట్రోలు, టైర్లు, సర్వీసు కలిపి 23 వేలు, ఫోను 4 వేలు. ప్రమాద బీమాకూ, నిచ్చెన ఎక్కలేని వయసుకూ 25 వేలు పక్కన పెడతాను. మొత్తం 3,06,000. దీన్ని 204తో భాగిస్తే రోజుకు సరిగ్గా 1,500 వస్తుంది. అదే నెలకు 25 రోజులు పని ఉంటుందని భ్రమపడి 300తో భాగించి ఉంటే 1,020 వచ్చేది, 900 ఫరవాలేదనిపించేది. 204 రోజులకు 900 చొప్పున తీసుకుని పనిముట్లు, బండి, ఫోను ఖర్చు 41 వేలు తీసేస్తే ఇంటికి చేరేది నెలకు 12 వేలకు కొంచెం తక్కువ.

మరి ఆ 900 వాళ్లు ఎలా బతుకుతున్నారని మీకు సందేహం రావచ్చు. నేను చూసినంతలో చాలామందికి మిగతాది సామాను కొట్టు ఇచ్చే కమీషన్ రూపంలో వస్తుంది, దాన్ని మోసేది తీగ కట్ట కొన్న ఇంటి యజమానే. కూలి 1,500 అంటే ముఖం చిట్లించేవారు ఈ సొమ్మును మాత్రం నోరెత్తకుండా కడతారు, ఎందుకంటే అది బిల్లులో కలిసిపోయి కనిపించదు. నేను సామాను జాబితా రాసిచ్చి, ఎక్కడైనా కొనుక్కోండి అంటాను. దీనివల్ల కొన్ని కొట్లవారు నాకు పనులు చెప్పడం మానేశారు.

మీ తమ్ముడు మొదటి రోజే 1,500 అడిగితే ఎవరూ పిలవరు. 1,000 నుంచి 1,100 మధ్య అడగమనండి, కానీ రెండు విషయాల్లో వదులుకోవద్దని చెప్పండి. రమ్మని పిలిచాక పని సిద్ధంగా లేక వెనక్కి వస్తే అర రోజు కూలి, కాంక్రీటు పోసే రోజున దగ్గరుంటే పూర్తి కూలి, ఈ రెండూ పనికి ఒప్పుకునే ముందే యజమానికీ మేస్త్రీకీ ఇద్దరూ ఉన్నప్పుడు చెప్పాలి. పని మధ్యలో చెబితే అది తగాదా అవుతుంది. ఒక్కో లైటు, ఫ్యాను పాయింటుకు ఇంత అన్న లెక్కన గుత్తకు ఒప్పుకున్నా ఇవే మాటలు వర్తిస్తాయి, ఆ పని ఎన్ని రోజులు తింటుందో వేసి అదే రోజు కూలితో సరిచూసుకోవాలి.

గంట లెక్క ఫ్యాను, స్విచ్చు వంటి చిల్లర పనులకే పనికొస్తుంది, అక్కడ కూడా గడియారం చూసి అడగకూడదు. అరగంటలో అయ్యే ఫ్యాను కెపాసిటర్ మార్పుకు వెళ్లిరావడం, కొట్టుకు వెళ్లడం కలిపి రెండు గంటలు పోతాయి, రెండు గంటలంటే ఎనిమిది గంటల రోజులో పావు వంతు. నా కూలి 1,500 కాబట్టి పావు రోజుకు 375 అవుతుంది, నేను 400 అంటాను. మీ తమ్ముడు 1,000 తీసుకుంటే 250కి తగ్గకూడదు. "ఊరికే ఒకసారి వచ్చి చూసి వెళ్లు" అని ఫోను చేసేవారికి కూడా అదే ధర ముందే చెప్పమనండి, చెప్పాక సగం మంది మళ్లీ ఫోను చేయరు, క్యాలెండరులో సున్నాలు తగ్గేది అక్కడే.